(x − 3)(x − 5) = 8 కి 11, 13 ఎందుకు రావు? మావాడికి చెప్పలేక చస్తున్నా

ఇద్దరు_పిల్లల_నాన్న
నిన్న రాత్రి మా పెద్దవాడి నోటుబుక్కులో కనిపించిన లెక్క ఇది.

(x − 3)(x − 5) = 8
x − 3 = 8 లేదా x − 5 = 8
x = 11 లేదా x = 13

టీచరు ఎర్ర ఇంకుతో అడ్డంగా ఇంటూ కొట్టి వదిలేశారు. పక్కన ఒక్క ముక్క రాయలేదు. వీడేమో "మొన్న (x − 3)(x − 5) = 0 కి ఇలాగే చేస్తే టిక్కు పెట్టారు కదా, సున్నా బదులు 8 వస్తే పద్ధతే మారిపోతుందా?" అంటాడు. తప్పని నాకు తెలుసు. వాడి ముందే x విలువలు పెట్టి చూపించాను. 11 పెడితే 8 × 6 = 48, 13 పెడితే 10 × 8 = 80. రెండూ 8 కాదు. ఒప్పుకున్నాడు. ఒప్పుకుని "సమాధానం తప్పని తెలిసింది నాన్నా, ఏ స్టెప్పు తప్పో, ఎందుకు తప్పో చెప్పు" అన్నాడు. అక్కడ నా దగ్గర సరుకు అయిపోయింది. "సున్నాకి మాత్రమే అలా చెయ్యాలి, అది రూలు" అంటే వినే రకం కాదు వాడు.

ఎక్స్_ఎక్కడ
వాడిని లాయరు చదివించండి.

కూడికలమ్మ
8 ని ఇటువైపు తెచ్చి, అటు సున్నా చేసుకుని చెయ్యమనండి. అయిపోయె. దీనికింత చర్చ ఎందుకో.

ఇద్దరు_పిల్లల_నాన్న
కూడికలమ్మగారూ, అదే చెప్పానండీ. వాడు ఏం చేశాడో చూడండి.

(x − 3 − 8)(x − 5 − 8) = 0

"ఇటు తెచ్చాను, అటు సున్నా అయింది, ఇప్పుడు సరేనా?" అన్నాడు. మళ్ళీ అవే 11, 13.

ఎక్స్_ఎక్కడ
లాయరు వద్దు. నేరుగా జడ్జీనే చేసెయ్యండి.

నల్లబల్ల
ఇరవై ఏళ్లుగా లెక్కలు చెప్తున్నా. ఏటా ప్రతి క్లాసులోనూ ఈ తప్పు కనీసం ఒక్కరైనా చేస్తారు, అదీ బాగా చేసే పిల్లలే. కాబట్టి వాడిని ఏమీ అనకండి.

కాసేపు x ని పక్కన పెట్టండి. వాడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని "నేను మనసులో రెండు సంఖ్యలు అనుకున్నా, గుణిస్తే 8 వచ్చింది, అవేంటో చెప్పు" అనండి. 2, 4 అంటాడు. కాదనండి. 1, 8 అంటాడు. కాదనండి. అప్పుడు మైనస్‌లోకి దిగుతాడు, −2, −4 అంటాడు. కాదనండి. కాస్త తెలివైనవాడైతే 16, అర అంటాడు. మొదటి సంఖ్య సున్నా కాకుండా ఏదైనా కావచ్చు, దానికి సరిపోయే రెండోది ఎక్కడో ఒకచోట ఉంటుంది. లబ్ధం 8 అని చెప్పినంత మాత్రాన ఆ రెండింట్లో ఏ ఒక్కదాని గురించీ ఏమీ చెప్పినట్టు కాదు.

ఆ తర్వాత "ఇంకో రెండు అనుకున్నా, గుణిస్తే సున్నా వచ్చింది" అనండి. ఈసారి ఆలోచించే పనే లేదు. రెండింట్లో ఒకటి సున్నా అయి తీరాలి. మొదటిది సున్నా కాదనుకుందాం, దాంతో భాగించేస్తే రెండోది సున్నా అని తేలిపోతుంది.

మావాళ్ళకు ఎక్కడ తేడా కొడుతుందంటే, కుడివైపున్నదాన్ని ఒక్కో బ్రాకెట్ కింద దించడమే రూలనుకుంటారు. అసలు రూలులో దించడం అనేదే లేదు. x − 3 = 0 అని రాసినప్పుడు ఆ సున్నా కుడివైపు నుంచి దిగి రాలేదు. ఏ రెండింటిని గుణిస్తే సున్నా వస్తుందని ఆలోచిస్తే వచ్చిన జవాబు అది. రెండుచోట్లా ఉన్నది సున్నాయే కావడంతో దించినట్టు కనపడుతుంది, అంతే.

ఇద్దరు_పిల్లల_నాన్న
మాస్టారూ, "దించడం" అన్న మాట సరిగ్గా తగిలింది. వాడు నోటుబుక్కులో కుడివైపు 8 నుంచి రెండు బాణాలు గీసి కిందికి దించాడు నిజంగానే. పొద్దున్నే ఆ ఆట ఆడి చూస్తా.

సగం_లెక్క
నల్లబల్లగారు మరీ అన్యాయం చేస్తున్నారు. 8 కి ఏమీ తెలియదనడం ఏంటి? 8 ని ఎన్ని రకాలుగా విడగొట్టగలం? 1 × 8, 2 × 4, వాటి మైనస్‌లు. x − 3 ఎప్పుడూ x − 5 కంటే 2 ఎక్కువ. కాబట్టి తేడా 2 ఉన్న జతలు వెతకాలి. 4, 2 ఉన్నాయి. −2, −4 ఉన్నాయి. x − 3 = 4 అంటే x = 7. x − 3 = −2 అంటే x = 1. విస్తరించడం లేదు, సూత్రం లేదు, రెండు లైన్లలో తేలిపోయింది. పిల్లాడికి ఇది నేర్పండి.

కూడికలమ్మ
7 పెడితే 4 × 2 = 8. 1 పెడితే (−2)(−4) = 8. సరిపోయాయి. ఇది బాగుందే.

శేషం_సున్నా
సరిపోయింది, ఎందుకంటే కుడివైపు 8 ఉంది. సగం_లెక్కగారూ, అదే లెక్కలో 8 తీసి 7 పెట్టి చేసి చూపించండి.

సగం_లెక్క
7 = 7 × 1. తేడా 6. మైనస్‌లో కూడా తేడా 6 ఏ. అంటే సమాధానం లేదు.

శేషం_సున్నా
ఉన్నాయి. x² − 8x + 15 = 7, అంటే x² − 8x + 8 = 0. మూలాలు 4 + 2√2, 4 − 2√2. దాదాపు 6.83, 1.17. మీరు పూర్ణసంఖ్యల జతలే వెతికారు, ఇక్కడ జత 3.83, 1.83. తేడా 2 ఏ, లబ్ధం 7 ఏ.

మీ పద్ధతిని తప్పు అనను. x పూర్ణసంఖ్యేనని లెక్కలోనే చెప్పి ఉంటే అది పూర్తి పద్ధతి, ఒక్క జత వదలకుండా చూస్తే చాలు. ఆ మాట చెప్పనప్పుడు అది ఊహ మాత్రమే. దొరికితే దొరికినట్టు, దొరకకపోతే లేదని కాదు.

మీరు పట్టుకున్న "తేడా 2" అన్న విషయాన్ని ఇంకో రకంగా వాడుకోవచ్చు. 3 కీ 5 కీ మధ్యలో 4 ఉంది. x − 4 ని t అనుకోండి. x − 3 అంటే t + 1, x − 5 అంటే t − 1. గుణిస్తే t² − 1 = 8, t² = 9, t = 3 లేదా −3, x = 7 లేదా 1. కుడివైపు 7 ఉంటే t² = 8. ఏం మారలేదు చూడండి, ఒక్క వర్గమూలం తప్ప.

సగం_లెక్క
సరే, 7 దగ్గర దొరికిపోయాను. కానీ పరీక్షల్లో 7 ఇవ్వరు, 8 ఏ ఇస్తారు.

నల్లబల్ల
ఈసారి నేను ఇస్తా.

చెరగని_సిరా
నాదీ ఇదే బాధ. x(x − 3) = 2x అని ఇచ్చారు. రెండువైపులా x క్యాన్సిల్ కొట్టేసి x − 3 = 2, x = 5 అని రాశాను. సగం మార్కులే వేశారు. కుడివైపు సున్నా లేకపోతే ఇంత కష్టమా?

నల్లబల్ల
సిరాగారూ, మీది వేరే జబ్బు. మీరు x తో భాగించారు, x సున్నా అయితే భాగించకూడదు కదా. అక్కడే x = 0 అన్న రెండో సమాధానం కొట్టుకుపోయింది. అంతా ఇటు తెస్తే x(x − 3 − 2) = 0, అంటే x = 0 లేదా x = 5. మీరు ఉన్న సమాధానం పోగొట్టుకున్నారు, ఆ పిల్లాడు లేని సమాధానాలు పట్టుకొచ్చాడు.

చెరగని_సిరా
ఓహో. మరి మీరు ఇప్పుడు బ్రాకెట్ లోపలికి − 2 తెచ్చారు, వాడు − 8 తెస్తే తప్పన్నారు?

ఎక్స్_ఎక్కడ
జడ్జీగారికి పోటీ వచ్చింది.

శేషం_సున్నా
ఇది మంచి ప్రశ్న. పైన వాడు రాసిన (x − 3 − 8)(x − 5 − 8) = 0 గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు కూడా.

మీ లెక్కలో కుడివైపు 2x ఉంది, అందులో x ఉంది. x(x − 3) − 2x లో రెండు ముక్కల్లోనూ x ఉంది కాబట్టి దాన్ని బయటికి తీస్తే లోపల x − 3 − 2 మిగిలింది. లోపలికి ఏదీ తోయలేదు, బయటికి తీశాం. వాడి లెక్కలో (x − 3)(x − 5) − 8. ఆ 8 లో x − 3 లేదు, x − 5 లేదు. బయటికి తీయడానికి ఏమీ లేదు, అందుకని వాడు లోపలికి తోశాడు, అదీ రెండుసార్లు.

బీజగణితం లేకుండా అంకెలతోనే చూపించండి వాడికి. 4 × 2 = 8 నిజమే కదా. 8 ఇటు తెస్తే 4 × 2 − 8 = 0, ఇదీ నిజమే. వాడు చేసినట్టు చేస్తే (4 − 8)(2 − 8), అంటే (−4)(−6), 24. సున్నా కావాల్సింది 24 అయింది.

కూడికలమ్మగారు మొదట్లో చెప్పిన మాటలో లోపం ఇక్కడే ఉంది. "అటు సున్నా చెయ్యి" అంటే సగం చెప్పినట్టే. అటు సున్నా ఉండాలి, ఇటు మొత్తం గుణకారమై ఉండాలి. (x − 3)(x − 5) − 8 = 0 లో కుడివైపు సున్నా ఉంది గానీ ఎడమవైపు గుణకారం కాదు, తీసివేత. చివర్లో చేసేది తీసివేత. కాబట్టి ఆ బ్రాకెట్లు ఇక పనికిరావు, విప్పాలి. x² − 8x + 7 = 0, మళ్ళీ కొత్తగా విడగొడితే (x − 1)(x − 7) = 0. ఇప్పుడు ఆ రూలు వాడుకోవచ్చు.

కూడికలమ్మ
లోపం ఒప్పుకుంటున్నా. నాకది ఎప్పుడూ చేత్తోనే అయిపోతుంది, నోటితో చెప్పడం రాదు.

పెన్సిల్_ముక్క
నేనింకా చదువుకుంటున్నా. ఈ తప్పు పద్ధతిలో నాకు ఒకసారి కరెక్ట్ సమాధానం వచ్చింది. (x − 2)(x − 5) = 4. x − 2 = 4 అని రాస్తే x = 6. వెనక చూస్తే సమాధానాల్లో 6 ఉంది. రెండోది 9 వచ్చింది, అక్కడ మాత్రం 1 అని ఉంది. నేను కూడికలో ఎక్కడో తప్పు చేశాననుకుని x − 5 = 4 నే నాలుగైదుసార్లు చేశా. పద్ధతే తప్పని చాలారోజులు తెలియలేదు.

రాత్రి_గుడ్లగూబ
5 + 4 = 9 ని నాలుగుసార్లు కూడి చూసుకున్న మొదటి మనిషివి నువ్వే తమ్ముడూ.

పెన్సిల్_ముక్క
తమ్ముడు కాదు, చెల్లెలు. ఐదోసారి కూడా 9 ఏ వచ్చింది.

శేషం_సున్నా
పెన్సిల్ గారిది చిన్న విషయం కాదు. x = 6 పెడితే మొదటి బ్రాకెట్ 4, రెండోది 1. 4 × 1 = 4. ఒక బ్రాకెట్‌ని కుడివైపు సంఖ్యకు సమానం చేస్తే, అది నిజం కావాలంటే రెండో బ్రాకెట్ 1 అయి తీరాలి. 6 దగ్గర అదృష్టవశాత్తూ అయింది. 9 దగ్గర బ్రాకెట్లు 7, 4. అక్కడ కాలేదు.

అదే కుడివైపు సున్నా అయితే రెండో బ్రాకెట్ ఏదైనా ఫరవాలేదు, 1 అయినా 100 అయినా గుణిస్తే సున్నాయే. ఆ రూలు నిలబడింది దాని మీదే.

ఇంకా ఘోరం చెప్పనా? x(8 − x) = 7 ని ఈ తప్పు పద్ధతిలో చెయ్యండి. x = 7. 8 − x = 7, అంటే x = 1. రెండూ కరెక్టే! విప్పి చూస్తే x² − 8x + 7 = 0, మనం ఇందాకటి నుంచి కొట్టుకుంటున్న సమీకరణమే ఇది. ఒకే సమీకరణాన్ని ఒకలా రాస్తే ఆ పద్ధతి 11, 13 ఇచ్చింది, ఇంకోలా రాస్తే 7, 1 ఇచ్చింది.

సగం_లెక్క
ఇదేదో ఒక్క లెక్కకి కుదిరిన కాకతాళీయం.

శేషం_సున్నా
కాదండీ. ఏ రెండు మూలాలు కావాలో మీరు చెప్పండి, తప్పు పద్ధతికి కూడా అవే వచ్చేలా లెక్క తయారుచేసి ఇస్తా. మూలాలు p, q అనుకుంటే

(1 + x − q)(1 + p − x) = 1 + p − q

మొదటి బ్రాకెట్‌ని కుడివైపుకి సమానం చేస్తే x = p వస్తుంది, రెండోదాన్ని చేస్తే x = q. p పెట్టినప్పుడు రెండో బ్రాకెట్ 1 అవుతుంది, q పెట్టినప్పుడు మొదటిది 1 అవుతుంది. ఇందాక చెప్పిన షరతు రెండుసార్లూ నెరవేరేలా కట్టాం, అంతే.

సగం_లెక్క
4, 9.

శేషం_సున్నా
p = 9, q = 4 అనుకుంటే (x − 3)(10 − x) = 6. తప్పు పద్ధతి: x = 9, x = 4. విప్పి చూడండి, x² − 13x + 36 = 0.

సగం_లెక్క
చూశా. నోరు మూసుకున్నా.

నల్లబల్ల
ఇప్పుడు నా పరువు నేనే తీసుకుంటా. చాలా ఏళ్ల కిందట ఒక యూనిట్ టెస్టులో (x + 3)(2 − x) = 4 ఇచ్చాను. తొందరలో తోచింది ఇచ్చేశా. పేపర్లు దిద్దుతుంటే సగంమంది x + 3 = 4, 2 − x = 4 అని రాసి x = 1, x = −2 తెచ్చారు. నా కీలో కూడా 1, −2 ఏ. స్టెప్పులు చూడకుండా మొదటి కట్టంతా ఫుల్ మార్కులు వేసుకుంటూ పోయాను. ఒక అమ్మాయి మాత్రం శుభ్రంగా విప్పి, x² + x − 2 = 0 అని రాసి, చివర్లో గుర్తు తప్పు చేసి −1, 2 రాసింది. ఆమెకు మార్కు కోశాను. సాయంత్రం ఆమె వచ్చి "వాళ్ళు చేసింది తప్పు కదా సార్" అంటే అప్పుడు చూసుకున్నా.

కూడికలమ్మ
మరి ఏం చేశారు?

నల్లబల్ల
ఆమెకు కోసిన మార్కు తిరిగి వేశా. మిగతావాళ్ళకు తగ్గించలేదు, ప్రశ్న తప్పు నాదని ఊరుకున్నా. ఇప్పటికీ తేల్చుకోలేదు చేసింది న్యాయమో కాదో.

పెన్సిల్_ముక్క
తగ్గించకపోవడమే కరెక్ట్. సమాధానాలు నిజంగానే సమీకరణానికి సరిపోతాయి కదా.

రాత్రి_గుడ్లగూబ
కాదు. సరిపోతాయని వాళ్ళకి తెలియదు. x విలువలు వెనక్కి పెట్టి చూసుకున్నట్టు రాసి ఉంటే ఒప్పుకుంటా. అది కూడా సగమే, ఇంకో సమాధానం లేదని ఎలా తెలుసు?

పెన్సిల్_ముక్క
వర్గ సమీకరణానికి రెండే ఉంటాయి. రెండు దొరికాయి, రెండూ సరిపోయాయి. అయిపోయింది. ఎలా దొరికితే ఏం?

రాత్రి_గుడ్లగూబ
అలా రాస్తే ఫుల్ మార్కులే ఇవ్వాలి, నిజమే. కానీ అలా రాసినవాడు ఆ తప్పు చేసే రకం కాదు.

నల్లబల్ల
ఈ గొడవ స్టాఫ్‌రూమ్‌లో కూడా తెగలేదు.

రాత్రి_గుడ్లగూబ
నాకు గ్రాఫ్ చూసేదాకా ఏదీ ఎక్కదు. y = (x − 3)(x − 5) గీయండి. గిన్నెలా ఉంటుంది, x అక్షాన్ని 3 దగ్గర, 5 దగ్గర తాకుతుంది, అడుగు x = 4 దగ్గర −1 లోతులో ఉంటుంది. బ్రాకెట్లు మనకి చెప్పేది ఆ గిన్నె నేలని ఎక్కడ తాకుతుందో, అంతే. ఇప్పుడు 8 ఎత్తులో అడ్డంగా ఒక గీత గీయండి. గిన్నె అంచుల్ని 1 దగ్గర, 7 దగ్గర కోస్తుంది. పిల్లాడు ఏం చేశాడంటే 3 ని, 5 ని చెరో 8 కుడివైపుకి జరిపాడు. ఎత్తు 8 పెరిగితే సమాధానాలు పక్కకి 8 జరుగుతాయనుకున్నాడు. పైగా రెండూ ఒకేవైపుకి! గిన్నెలో పైకి వెళ్తే ఒకటి ఎడమకి, ఒకటి కుడికి జరగాలి కదా.

ఇంకోటి. కుడివైపు −2 పెట్టండి. గిన్నె అడుగే −1, దానికింద గీత గీస్తే తగలదు. వాస్తవ సంఖ్యల్లో సమాధానమే లేదు. t² = −1 వస్తుంది. వీడి పద్ధతి మాత్రం నిక్షేపంగా x = 1, x = 3 అని చెప్తుంది. 1 పెడితే 8, 3 పెడితే 0.

ఇద్దరు_పిల్లల_నాన్న
ఆట ఆడాను. 2, 4 అన్నాడు, 1, 8 అన్నాడు, తర్వాత 80, 0.1 అన్నాడు. సున్నా అనగానే ఆగిపోయి, ఒక నిమిషం తర్వాత "ఓహో, అది 8 నుంచి రాలేదా" అన్నాడు. బాణాలు రెండూ వాడే కొట్టేశాడు. (4 − 8)(2 − 8) = 24 చూపిస్తే మాత్రం మొహం మాడిపోయింది.

ఇంకో ప్రశ్న వేశాడు, ఇది మీకే వదిలేస్తున్నా: "గుణిస్తే సున్నా వచ్చిందంటే ఒకటి సున్నా అవ్వాల్సిందే, అది ఎప్పుడూ నిజమేనా?"

శేషం_సున్నా
మన మామూలు సంఖ్యల్లో ఎప్పుడూ నిజమే. పన్నెండు గంటల గడియారం మీద కాదు. గడియారంలో 12 అంటే సున్నా, మళ్ళీ మొదటికే వచ్చినట్టు. 3 × 4 = 12, అంటే సున్నా. 3 సున్నా కాదు, 4 సున్నా కాదు. నల్లబల్లగారు "మొదటిదాంతో భాగించేస్తే" అన్నారు చూడండి, గడియారం మీద 3 తో భాగించడం కుదరదు, అక్కడ తెగిపోతుంది ఆ వాదన.

దాని ఫలితం తమాషాగా ఉంటుంది. గడియారం మీద (x − 2)(x − 3) = 0 కి 2, 3 తో పాటు 6, 11 కూడా సమాధానాలే. 6 పెడితే 4 × 3 = 12. 11 పెడితే 9 × 8 = 72, ఆరు పన్నెండ్లు. వర్గ సమీకరణానికి నాలుగు మూలాలు.

పెన్సిల్_ముక్క
వర్గ సమీకరణానికి రెండే అని పైన నేను వాదించింది కూడా ఈ రూలు మీదే నిలబడిందన్నమాట.

శేషం_సున్నా
అంతే. మాత్రికల్లో కూడా ఇదే కథ, రెండు సున్నా కాని మాత్రికల్ని గుణిస్తే సున్నా మాత్రిక రావచ్చు.

కూడికలమ్మ
ఒక్క ఇంటూ గుర్తు నుంచి మాత్రికల దాకా వచ్చాం. అసలు అన్నీ ఒకవైపుకి తెచ్చి సున్నా చేయడం ఎవడు మొదలుపెట్టాడో.

శేషం_సున్నా
పాతకాలంలో అలా చేసేవారు కాదు. తొమ్మిదో శతాబ్దంలో అల్ ఖ్వారిజ్మీ సమీకరణాల్ని రెండువైపులా కూడికలే ఉండేలా ఆరు రకాలుగా విడగొట్టాడు, కుడివైపు ఒంటరి సున్నా ఎక్కడా లేదు. మన లెక్క ఆయన దగ్గర "వర్గమూ 7 కలిస్తే ఎనిమిది మూలాలకు సమానం" అవుతుంది, ఆయన మూలం అన్నది మన x నే. 1637 లో దెకార్త్ మాత్రం x − 2 = 0, x − 3 = 0 రెంటినీ గుణించి x² − 5x + 6 = 0 ఎలా వస్తుందో చూపించాడు, ఆపైన x − 4 తో గుణించి ఘన సమీకరణం కట్టాడు. బ్రాకెట్ల నుంచి మూలాలు చూడాలంటే కుడివైపు సున్నా తప్పదు మరి.

సగం_లెక్క
గడియారం మీద చూపించిన (x − 2)(x − 3) కూడా అదే x² − 5x + 6 కదా. కావాలనే తెచ్చారా?

శేషం_సున్నా
దొరికిపోయాను.

ఇద్దరు_పిల్లల_నాన్న
గడియారం సంగతి మావాడికి చదివి వినిపించడం నా పొరపాటు. గోడ మీది గడియారం దించి, కాగితం పట్టుకుని గంటసేపు కూర్చున్నాడు. ఇప్పుడే వచ్చి చెప్పాడు: "గడియారంలో 13 అంటే 1. పైగా నువ్వే 10 × 8 = 80 అని చూపించావు, 80 లోంచి ఆరు పన్నెండ్లు తీసేస్తే 8. నా 13 కరెక్టే."

శేషం_సున్నా
చేసి చూశా. వాడన్నది నిజమే. గడియారం మీద (x − 3)(x − 5) = 8 కి సమాధానాలు 1, 7. 13 అంటే 1 ఏ. 11 మాత్రం కుదరదు, 48 అంటే నాలుగు పన్నెండ్లు, సున్నా అయిపోతుంది.

ఎక్స్_ఎక్కడ
అప్పీలులో సగం కేసు గెలిచాడు.

ఇద్దరు_పిల్లల_నాన్న
సగం మార్కు వెయ్యమని టీచరుకి చీటీ రాస్తున్నాడు. నన్ను సంతకం పెట్టమంటున్నాడు. నల్లబల్లగారూ, మీ దగ్గరికి ఇలాంటి చీటీ వస్తే ఏం చేస్తారు?

నల్లబల్ల
ఆరోజు సెలవు పెడతా.